ఎదుటే ఉన్న భర్త కోసం దుఃఖించే ఇల్లాలు

అస్ర్ నమాజు ముగిసిన వేళ, ఏలూరులోని మా మదర్సా గుమ్మం వద్దకు ఒక వృద్ధురాలు వచ్చారు. ఆమె భర్త యౌవనమంతా తివాచీ మగ్గం మీద గడిపినవారు. నాలుగేళ్లుగా మతిమరుపు వ్యాధితో, అనగా డిమెన్షియాతో, బాధపడుతున్నారు. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని మెల్లగా అన్నారు: "మౌల్వీ సాబ్, నిన్న మాయన నన్ను ఎవరో పరాయి స్త్రీ అనుకున్నారు. స్నానానికి చెయ్యి పట్టుకోబోతే కోపంతో తలాక్ అన్నారు. ఇక నేను ఆయనను తాకవచ్చునా?"

మేము ఆయన స్థితి వివరంగా అడిగి తెలుసుకున్నాము. ఆయనకు తేదీ తెలియదు, సొంత ఇల్లు తెలియదు, పలికిన మాట మరుక్షణం గుర్తుండదు. బుద్ధి స్థిమితం లేని వ్యక్తి పలికిన తలాక్ చెల్లదని ధర్మవేత్తలు స్పష్టం చేశారు. మతి తిరిగి వచ్చేవరకు అట్టి వ్యక్తి కర్మలు లిఖించబడవని హదీసు భావం. వ్యాధి తొలి దశలో తెలివి వస్తూ పోతూ ఉంటుంది కనుక, అటువంటి సందర్భంలో ఎవరికి వారు నిర్ణయించుకోక ముఫ్తీని సంప్రదించాలి. ఈమె విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. "మీ నికాహ్ పదిలంగా ఉంది తల్లీ" అన్నాము.

ఆమె ఊరట చెందుతారనుకున్నాము. కాని ఆమె వెక్కివెక్కి ఏడ్చారు. "నికాహ్ ఉంది, మౌల్వీ సాబ్. ఆయనే లేరు" అన్నారు. ఆమె అడిగినది మసలా మాత్రమే కాదని మాకు అప్పుడు బోధపడింది.

భర్త మరణిస్తే బంధువులు వస్తారు, జనాజా లేస్తుంది, పరామర్శలు జరుగుతాయి, నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఉంటుంది. దుఃఖానికి ఒక ఆకారం, ఒక గడువు ఏర్పడతాయి. మనిషి ఎదుటే ఉండి మనసు వెళ్లిపోయినప్పుడు ఇవేవీ ఉండవు. అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పౌలిన్ బాస్ 1970వ దశకంలో, యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను పరిశీలించి, ఈ దుఃఖానికి 'అస్పష్టమైన నష్టం' అని పేరు పెట్టారు. పిదప డిమెన్షియా రోగుల కుటుంబాలలోనూ దానినే గుర్తించారు.

దివ్యఖుర్ఆన్‌లో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) దుఃఖించినది సజీవంగా ఉన్న కుమారుని కోసమే. దుఃఖంతో ఆయన కన్నులు తెల్లబడ్డాయని యూసుఫ్ సూరా తెలుపుతోంది. ఇంకా ఎంతకాలం తలచుకుంటారని కన్నకొడుకులే ఆక్షేపించగా, తన వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఆయన బదులిచ్చారు. చక్కని సహనం వహించిన ఆ ప్రవక్తే కన్నీరు కూడా కార్చారు. కనుక ఆ ఇల్లాలితో "సబ్ర్ చెయ్యండి, మనిషైనా ఉన్నాడు కదా" అనేవారు, ఆనాటి కొడుకుల మాటనే తిరిగి పలుకుతున్నారు.

మరి ఏమి చేయాలి? ఆమె ఇంటికి వెళ్లినప్పుడు మొదట ఆమెను పలకరించాలి. ఆయన నేసిన తివాచీల గురించి, వారి తొలినాళ్ల కాపురం గురించి అడగాలి. ఆమె పోగొట్టుకున్న మనిషి గురించి మాట్లాడే అవకాశం ఆమెకు మరెక్కడా దొరకదు. "నేనెవరో చెప్పండి చూద్దాం" అని ఆయనను పరీక్షించరాదు. ఆయన తప్పిన ప్రతిసారీ ఆమె గాయమే రేగుతుంది.

"నా భార్య ఏది?" అని ఆయన అడిగితే, "నేనే కదా!" అని వాదిస్తే భయం, కోపం పెరుగుతాయి. అబద్ధమూ అవసరం లేదు. "ఆమె ఇంట్లోనే ఉందండి, ముందు భోంచేయండి" అనడం సత్యమే, శాంతమూ కలుగుతుంది. స్నానానికి ఆయన బిడియపడితే, తాడేపల్లిగూడెంలో ఉన్న కుమారుడు వచ్చే రోజున చేయించమన్నాము. మిగిలిన రోజులలో తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఒకనాడు ఆమె ఆయన చేతికి ఊలు దారం ఇచ్చారు. పేరు మరచిన ఆ మనిషి వేళ్లు ముడులు వేయసాగాయి. చేతులు నేర్చిన పని తరచుగా పేర్ల కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరూ దారం ఉండలు చుడుతూ కూర్చుంటారు. ఆయన ఆమెను గుర్తించరు, కాని పక్కన కూర్చోనిస్తారు.

అన్నిటికంటే అవసరమైనది నిద్ర. "ఏదైనా కావాలంటే చెప్పండి" అనే మాట ఆమెకు ఉపయోగపడలేదు. కొల్లేటి లంక గ్రామంలో ఉన్న ఆమె చెల్లెలు, "ప్రతి శుక్రవారం జుమా తర్వాత మగ్రిబ్ వరకు బావగారి దగ్గర నేనుంటాను" అన్నది. అదే ఉపయోగపడింది.

రోగి పరిస్థితి ఒకటి రెండు రోజులలోనే హఠాత్తుగా దిగజారితే, అది మతిమరుపు ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, కొత్త మందు వంటివి కారణం కావచ్చును. వెంటనే వైద్యునికి చూపాలి. ఇక సేవచేసే ఇల్లాలు తిండి మానినా, తన చావును కోరుకున్నా, 14416 నంబరుకు ఫోను చేయాలి. అది ప్రభుత్వ టెలి మానస్ సేవ.

మొన్న ఆమె సిగ్గుపడుతూ అడిగారు: "ఆయనను అల్లాహ్ తీసుకుపోతే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. పాపమా?" మనసులో మెదిలి పోయే తలపుకు, నోటితో గాని చేతితో గాని అమలు చేయనంతవరకు, పట్టింపు లేదని చెప్పాము. బ్రతుకు మేలైనంతవరకు బ్రతుకును, మరణం మేలైనప్పుడు మరణాన్ని ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకునే దుఆను దైవప్రవక్త (సఅసం) నేర్పారు. ఆ దుఆను కాగితం మీద వ్రాసి ఆమె చేతికిచ్చాము.