పేరాలోంచి పటంలోకి

బీటెక్, డిగ్రీ విద్యార్థులకు డీబీఎంఎస్ పేపర్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఏదో ఒక ఆసుపత్రో, బ్యాంకో, గ్రంథాలయమో ఎలా నడుస్తుందో ఒక పేరాలో చెబుతారు. కింద ‘దీనికి ఈఆర్ డయాగ్రామ్ గీయండి’ అని ఉంటుంది. డేటాబేస్ కట్టబోయే ముందు ఏయే వివరాలు దాచాలి, వాటి మధ్య సంబంధమేమిటి అన్నది బొమ్మగా చూపించే పద్ధతి ఇది. పీటర్ చెన్ 1976లో ఒక పరిశోధన పత్రంలో దీన్ని ప్రతిపాదించారు. వివరాలు దాచాల్సిన వస్తువునో మనిషినో ఎంటిటీ అంటారు, పెట్టెలో రాస్తారు. దాని లక్షణాలు అట్రిబ్యూట్లు, అవి ఓవల్‌లో ఉంటాయి. రెండు ఎంటిటీల మధ్య సంబంధం డైమండ్‌లో ఉంటుంది.

ఈ ఆకారాలు ఒక పూటలో వచ్చేస్తాయి. మార్కులు పోయేది పేరా చదవడంలోనే. ఒక నమూనా ప్రశ్న తీసుకుందాం.

‘ఒక గ్రంథాలయంలో పుస్తకాలు ఉన్నాయి. ప్రతి పుస్తకానికీ ఐఎస్‌బీఎన్, పేరు, ప్రచురణకర్త పేరు ఉంటాయి. ఒక్కో పుస్తకానికి ఒకటి గానీ ఎక్కువ గానీ కాపీలు కొంటారు. వాటికి 1, 2, 3 అని వరుస నంబర్లు వేస్తారు. సభ్యుడికి సభ్యత్వ సంఖ్య, పేరు, ఒకటి కంటే ఎక్కువ ఫోన్ నంబర్లు ఉండవచ్చు. సభ్యుడు ఒకేసారి నాలుగు కాపీల వరకు తీసుకెళ్లవచ్చు. తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ నమోదు చేస్తారు. పాత వివరాలు చెరిపేయరు.’

పేర్లన్నిటి కిందా గీత గీసి, గీత పడిన ప్రతిదాన్నీ ఎంటిటీ చేసేయమని చాలా గైడ్లు చెబుతాయి. మొదటి సగం వరకే ఆ సలహా పనికొస్తుంది. ‘గ్రంథాలయం’ కిందా గీత పడుతుంది, కానీ అది ఎంటిటీ కాదు. ఈ డేటాబేస్‌లో ఉన్నది ఒక్క గ్రంథాలయమే. ఒకే వరుస ఉండే పట్టికతో పనేముంది? ప్రచురణకర్త గురించి పేరు తప్ప మరేమీ చెప్పలేదు కాబట్టి అది పుస్తకానికి అట్రిబ్యూట్‌గా ఉంటే చాలు. చిరునామా, ఫోన్ కూడా ఇచ్చి ఉంటే అప్పుడు దానికి సొంత పెట్టె కావాలి. సభ్యుడి ఫోన్ నంబర్లు ఒకటికి మించి ఉండొచ్చు గనక వాటికి జంట గీతల ఓవల్ వేయాలి.

ఇక ‘పుస్తకం’, ‘కాపీ’. వీటిని ఒకటిగా చూసినవాళ్ల బొమ్మ అక్కడే కూలిపోతుంది. పేరు, ప్రచురణకర్త పుస్తకానికి చెందినవి. సభ్యుడు ఇంటికి తీసుకెళ్లేది మాత్రం కాపీని. పుస్తకాన్నీ సభ్యుణ్నీ నేరుగా కలిపేస్తే, ఆరు కాపీల్లో ఏది ఎవరి దగ్గరుందో చెప్పే దారి ఉండదు.

కాపీని గుర్తుపట్టడం ఎలా? ‘2’ అన్న నంబరు ఒక్కటే చాలదు, ఎందుకంటే ప్రతి పుస్తకానికీ రెండో కాపీ ఉండొచ్చు. ఐఎస్‌బీఎన్ పక్కన చేరితేనే దానికి గుర్తింపు. ఇలా మరొకదాని ఆసరాతో గుర్తింపు పొందేదాన్ని వీక్ ఎంటిటీ అంటారు. దానికి జంట గీతల పెట్టె, యజమానితో కలిపే చోట జంట గీతల డైమండ్, కాపీ నంబరు కింద చుక్కల గీత వేయాలి. పుస్తకం లేకుండా కాపీ ఉండదు కాబట్టి కాపీ వైపు కలిపే గీత కూడా జంటగానే ఉంటుంది. కనీసం ఒక కాపీ కొంటారని ప్రశ్నే చెప్పింది కనక పుస్తకం వైపూ జంట గీతే. నిజం గ్రంథాలయాల్లో ఒక్కో కాపీకి విడిగా యాక్సెషన్ నంబరు వేస్తారు, అప్పుడు కాపీ తన కాళ్ల మీద తానే నిలబడుతుంది. కానీ మనకు తెలిసిన గ్రంథాలయాన్ని కాదు, పేపర్లో ఉన్నదాన్ని గీయాలి.

అసలు చిక్కు అరువు దగ్గరుంది. ఒక కాపీ ఒక సమయంలో ఒకరి దగ్గరే ఉంటుంది కదా అని చాలామంది సభ్యుడికీ కాపీకీ మధ్య ‘ఒకటికి అనేకం’ అని రాసేస్తారు. చివరి వాక్యం వాళ్ల కంటపడదు. పాత వివరాలు చెరిపేయరంటే, ఏళ్ల మీద ఒకే కాపీ ఎంతోమంది చేతులు మారుతుంది. కాబట్టి అది అనేకానికి అనేకం. తేదీలు సభ్యుడివీ కావు, కాపీవీ కావు, ఆ ఇద్దరి కలయికవి. అందుకే వాటిని డైమండ్‌కే తగిలించాలి.

ఇంతవరకూ వచ్చిన జవాబు బాగున్నట్టే కనిపిస్తుంది. ఇప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టండి. లక్ష్మి జూన్‌లో ఒక నవల రెండో కాపీ తీసుకుంది, తిరిగిచ్చింది, ఆగస్టులో మళ్లీ అదే కాపీ తీసుకుంది. మన బొమ్మలో ఆ రెండోసారికి చోటుందా? లేదు. డైమండ్‌లో ఒక సభ్యుడు, ఒక కాపీ అన్న జంట ఒక్కసారే ఉండగలదు. ఆగస్టు తేదీ రాయాలంటే జూన్ తేదీ చెరపాలి.

అందువల్ల ‘అరువు’నే ఎంటిటీగా మార్చాలి. ప్రశ్నలో దానికి సొంత నంబరు ఇవ్వలేదు కాబట్టి అదీ వీక్ ఎంటిటీయే. దాని యజమాని కాపీ, చుక్కల గీత పడేది తీసుకున్న తేదీ కింద. వీక్ ఎంటిటీకి మరో వీక్ ఎంటిటీ యజమాని కావడంలో తప్పేమీ లేదు. ఐఎస్‌బీఎన్, కాపీ నంబరు, తీసుకున్న తేదీ మూడూ కలిస్తే ఏ అరువో తేలిపోతుంది. ఉదయం తిరిగొచ్చిన కాపీ సాయంత్రం మరొకరికి వెళ్తేనో అని అనుమానం రావచ్చు. ‘ఒక కాపీని ఒకే రోజు రెండుసార్లు ఇవ్వరని అనుకున్నాను’ అని బొమ్మ కింద ఒక వాక్యం రాస్తే సరి. ప్రతి అరువుకూ కచ్చితంగా ఒకే సభ్యుడు, కనక అటు జంట గీత. ఇంకా ఏమీ తీసుకోని సభ్యుడు ఉండొచ్చు, కనక ఇటు ఒంటి గీత.

మరి ‘నాలుగు కాపీల వరకు’ అన్న మాట? సభ్యుడి గీత మీద (0,4) అని రాయడానికి చెయ్యి దురద పెడుతుంది. రాస్తే, లక్ష్మి తన జీవితంలో ఐదో పుస్తకం తీసుకోకూడదని అర్థం. పరిమితి ఒకేసారి దగ్గరుంచుకునే వాటికే గానీ మొత్తం లెక్కకు కాదు. ఈ నిబంధన ఈఆర్ బొమ్మలో పట్టదు. గీత మీద (0,N) వేసి, నాలుగు సంగతి మాటల్లో రాయాలి.

గుర్తుల విషయంలో ఒక్క జాగ్రత్త. చెన్ పద్ధతిలో ‘ఒక పుస్తకానికి అనేక కాపీలు’ అన్నప్పుడు N కాపీ పక్కన పడుతుంది. కనీస, గరిష్ఠ సంఖ్యల పద్ధతిలో (1,N) పుస్తకం పక్కన పడుతుంది. రెండూ సరైనవే, కలిపేస్తే మాత్రం అర్థం తలకిందులవుతుంది. ఏ పద్ధతి వాడారో మూలన ఒక ముక్క రాయండి.

పెన్ను కింద పెట్టే ముందు అరువు పెట్టె చుట్టూ ఒకసారి చూడండి. అక్కడ ‘సభ్యత్వ సంఖ్య’ అన్న ఓవల్ కనిపిస్తే కొట్టేయండి. ఆ పని గీత ఇప్పటికే చేస్తోంది. ఆ సంఖ్యను అరువులో చేర్చేది తర్వాత పట్టికలు రాసేటప్పుడే.