మూడు నిమిషాల ప్రవచనానికి ఒక ఉత్తరం

వారానికో పద్యం తీసుకుని చిన్న వీడియోగా పెట్టే ప్రవచన చానళ్లు తెలుగులో చాలానే వచ్చాయి. వాటి వెనక ఉండేది ఎక్కువగా మాలాంటి వలంటీర్లే. పగలు ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు ఎడిటింగ్ చేసేవాళ్లం. కెమెరా పట్టుకోవడం, శబ్దం శుభ్రం చేయడం కొన్నాళ్లలో ఒంటబట్టాయి. పద్యాన్ని విడదీసి అన్వయం చెప్పడం మాత్రం మా వల్ల కాదు. అది కాలేజీల్లో ఏళ్ల తరబడి పాఠం చెప్పి రిటైరైన తెలుగు మాస్టార్లకు వచ్చిన విద్య. వాళ్లను పిలవడానికి రాసే ఉత్తరం గురించే ఈ వ్యాసం.

పెద్దవాళ్లకు కెమెరా అంటే బెరుకని, అందుకే రామంటారని చాలామంది అనుకుంటారు. నేను మాట్లాడినవాళ్లలో ఆ బెరుకు పెద్దగా కనబడలేదు. నలభై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పినవాళ్లకు ఫోన్ కెమెరా ఒక లెక్కా? వాళ్ల భయం వేరు. తాము చెప్పిందాన్ని ఎవరో ముక్కలు చేసి, ఒక ముక్కను లోకం మీదికి వదిలేస్తారేమోనన్నది ఆ భయం. అందుకు కారణమూ ఉంది. అలా ముక్కలైన ప్రవచనాలు వాళ్లు రోజూ చూస్తూనే ఉన్నారు. కాబట్టి ఉత్తరంలో పొగడ్త ఎంత ఉందన్నది వాళ్లు చూడరు. ఏ పద్యం, ఎంతసేపు, కోత ఎవరి చేతిలో అన్న మూడింటికీ జవాబు ఉందా అని చూస్తారు.

మేము ఒక మాస్టారికి రాసిన ఉత్తరం ఇది. పేర్లు, ఊరు తీసేశాను.

"గౌరవనీయులైన మాస్టారికి నమస్కారాలు.

మేము వారానికో పద్యం చొప్పున, మూడు నిమిషాలు దాటకుండా ప్రవచనం వీడియోలు పెట్టే వలంటీర్లం. పోతన గారి అష్టమ స్కంధంలో, గజేంద్రుడు దేవుడున్నాడో లేడోనని సందేహపడే కందపద్యాన్ని మీరు వివరిస్తే వినాలని మా కోరిక. అడుగుతున్నది ఆ ఒక్క పద్యమే.

విడిగా వింటే ఈ పద్యం దేవుణ్ణి కాదన్నట్టు వినబడుతుందేమోనని మాకు అనుమానంగా ఉంది. కొద్ది పద్యాల తర్వాత వచ్చే శరణాగతి శార్దూలం దాకా తీసుకెళ్లాలా, సందేహం దగ్గరే ఆపాలా అన్నది మీరే నిర్ణయించాలి. పద్యం రెండుసార్లు చదవడానికి అర నిమిషం, అర్థానికి నిమిషమున్నర, సందర్భానికి మిగిలిన నిమిషం అని మేము లెక్క వేసుకున్నాం. అది మీరు మార్చవచ్చు. తెరమీద వేయబోయే పద్యపాఠం దీంతోపాటు జతపరిచాం. తప్పులుంటే దిద్దగలరు.

మేమిద్దరం మీ ఇంటికే వస్తాం. పొద్దున పదింటికి వచ్చి పన్నెండు లోపల వెళ్లిపోతాం. ఫోన్, స్టాండు, చొక్కాకు తగిలించే చిన్న మైకు తప్ప వేరే సరంజామా ఉండదు.

మీరు చెప్పిన వాక్యాన్ని మధ్యలో కోయం. ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్చం. నిడివి ఎక్కువైతే మళ్లీ చెప్పమని మిమ్మల్నే అడుగుతాం. వెనక సంగీతం పెట్టం. తయారైన వీడియో ముందుగా మీకు చూపించి, మీరు సరేనన్నాకే పెడతాం. ఎప్పుడైనా తీసేయమంటే తీసేస్తాం.

మాలో ఎవరికీ జీతం లేదు, చానల్‌కు ప్రకటనల ఆదాయమూ లేదు. మీకు పారితోషికం ఇచ్చుకోలేమని ముందే మనవి చేస్తున్నాం. వచ్చే వారం ఒక సాయంత్రం ఫోన్ చేస్తాం. వద్దనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి.

విధేయులు."

ఇంత పొడుగు ఉత్తరం వాట్సాప్‌లో పంపితే పండగ శుభాకాంక్షల మధ్య కలిసిపోతుంది. మేము పెద్ద అక్షరాల్లో, ఒకే కాగితం మీద అచ్చువేయించి ఇంటికి పంపాం. కాగితమైతే పెన్సిల్‌తో పక్కన రాసుకోవచ్చు. ఆయన రాసుకున్నారు కూడా.

ఇక పద్యం సంగతి. "మీకు నచ్చిన విషయం మీద రెండు మాటలు చెప్పండి" అని రాయడం మర్యాదగానే కనిపిస్తుంది కానీ, మూడు నిమిషాల్లో ఇమిడే విషయం వెతికే బరువంతా పెద్దాయన మీద వేసినట్టవుతుంది. వెతికే పని పిలిచేవాళ్లది. మేము కందం ఎంచుకున్నది దాని కొలత చూసి. కందంలో ఒకటో పాదానికి, మూడో పాదానికి పన్నెండేసి మాత్రలు, రెండు, నాలుగు పాదాలకు ఇరవయ్యేసి. మొత్తం 64 మాత్రలు. మామూలుగా చదివితే పావు నిమిషం లోపే అయిపోతుంది. అదే సీసపద్యమైతే నాలుగు పెద్ద పాదాలు, కింద మళ్లీ ఆటవెలదో తేటగీతో. రాగం తీసి చదివేవారైతే చదువుకే నిమిషం దాటిపోతుంది. 2024 అక్టోబరు 15 వరకు యూట్యూబ్ షార్ట్ అంటే ఒక్క నిమిషమే. ఆ రోజు నుంచి నిలువు వీడియోలకు మూడు నిమిషాల దాకా అనుమతి వచ్చింది. ఒక్క నిమిషంలో కందం చదివి తాత్పర్యం చెప్పడమే గగనం. మూడు నిమిషాలైతే ఆ పద్యం ఎవరి నోట, ఏ స్థితిలో వచ్చిందో చెప్పడానికి చోటు దొరుకుతుంది.

ఈ పద్యానికి ఆ చోటు తప్పనిసరి. మొదటి మూడు పాదాల్లో గజేంద్రుడు తాను విన్నది ఏకరువు పెడతాడు. దీనుల పక్షాన ఉన్నాడంటారు, మహాయోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కుల్లోనూ ఉన్నాడంటారు అని. నాలుగో పాదంలో, అలా అందరూ ఉన్నాడనేవాడు నిజంగా ఉన్నాడా అని అడుగుతాడు. చిన్న వీడియోలు చేసేవాళ్లకు ఒక అలవాటుంది. చూసేవాడు వేలితో తోసేయకుండా ఉండాలని, మాటల్లో బాగా కుదిపే వాక్యాన్ని తెచ్చి మొదట్లో పెడతారు. ఇక్కడ ఆ పని చేస్తే నాలుగో పాదం తాత్పర్యం ముందుకొస్తుంది. నుదుట విభూతి పెట్టుకున్న పెద్దాయన దేవుడున్నాడో లేడోనంటూ మొదలుపెట్టినట్టు కనిపిస్తుంది. ఎవరో ఆ ఏడెనిమిది సెకన్లే కత్తిరించుకుని పంచుకుంటే, మిగతాది ఎవరికీ చేరదు. ముందూ వెనకా మార్చమని ఉత్తరంలో రాసింది అందుకే. ఆ మాట రాయాలంటే పిలిచేవాడు పద్యాన్ని, దాని ముందువెనకలను తానే చదివి ఉండాలి. మాస్టారు కనిపెట్టేదీ అదే.

వాక్యం మధ్యలో కోయమన్నదానికి ఇంకో కారణం మన భాషలోనే ఉంది. క్రియ చివర్న వస్తుంది. పండితులు అన్వయం చెప్పేటప్పుడు పదాలన్నీ పేర్చుకుంటూ వచ్చి, ఆఖరి మాటతో ముడివేస్తారు. నిడివి కోసం ఆ చివరి రెండు సెకన్లు కోస్తే అర్థం సగంలో ఆగడం ఒక నష్టం. ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. "అలా అనుకోవడం" దగ్గర కోత పడితే, "పొరపాటు" అన్న మాట పోతుంది.

వెనక సంగీతం పెట్టమన్నది రుచికి సంబంధించిన మాట మాత్రమే కాదు. నిమిషం దాటిన షార్ట్‌లో ఇతరుల హక్కులున్న పాట ఉందని యూట్యూబ్ యంత్రం పసిగట్టి, హక్కుదారు పేర క్లెయిమ్ నమోదైతే ఆ వీడియో ఎక్కడా కనబడకుండా ఆగిపోతుంది. భాగవత పద్యాలను సినిమాల్లోనూ కేసెట్లలోనూ పాడినవాళ్లున్నారు. పద్యం పదిహేనో శతాబ్దపు పోతనది కాబట్టి ఎవరైనా చదువుకోవచ్చు. ఆ గానానికి మాత్రం హక్కుదారులుంటారు. అచ్చయిన తాత్పర్యాలకూ ఇదే వర్తిస్తుంది. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. మాస్టారు తన గొంతుతో చదివి, తన మాటల్లో చెబితే ఈ చిక్కులేవీ ఉండవు.

చెప్పిన వారంలోనే ఫోన్ చేశాను. "చూద్దాం లెండి" అన్న మాట వస్తే అది వద్దనడమేనని, రెట్టించకూడదని మాకు తెలుసు. ఈయన ఆ మాట అనలేదు.

"పద్యపాఠం ఏ ప్రతిలోంచి తీశారమ్మా?" అని అడిగారు.

చెప్పాను. ఒకచోట అరసున్న వదిలేశామని, అచ్చులో వేరే చోట విరుపు తప్పిందని చెప్పారు. ఆ తర్వాత, "శార్దూలాన్ని ఇందులో ఇరికించొద్దు. సందేహానికే మూడు నిమిషాలు కావాలి. శరణాగతి పై వారం పెట్టుకుందాం. కానీ ఈ వీడియో చివర, ఏనుగు ఇక్కడితో ఆగలేదని ఒక్క వాక్యం నేను చెబుతాను. అది మాత్రం తీయకండి" అన్నారు.

"తీయం మాస్టారూ" అన్నాను. ఎప్పుడు రమ్మంటారని నేను అడగక ముందే పద్యం గురించి అంతసేపు మాట్లాడారంటే ఉత్తరం పని చేసినట్టే.

చిత్రీకరణ రోజు మొదటిసారి చెప్పింది నాలుగు నిమిషాలు దాటింది. కోయమని రాసిచ్చాం కాబట్టి నిడివి ఆయనకు చెప్పి ఊరుకున్నాం. ఆయన కాసేపు ఆలోచించి, ప్రతిపదార్థం మొత్తం వదిలేసి, మొదటి మూడు పాదాలను ఒకే వాక్యంగా చెప్పారు. అది మూడు నిమిషాల లోపల ముగిసింది. నిజానికి ముందుదానికన్నా తేటగా ఉంది. ఎడిటర్ చేతికి ఈ నిర్ణయం అప్పజెప్పి ఉంటే ప్రతిపదార్థాన్ని మధ్య మధ్యలో తుంచేవాడే తప్ప, ఈ వాక్యం పుట్టేది కాదు.

పద్యపాఠాన్ని తెర అడుగున పెట్టి తెచ్చి చూపించినప్పుడు ఆయన వెంటనే పట్టుకున్నారు. షార్ట్‌లో అడుగు భాగాన వీడియో పేరు, కుడి పక్కన గుర్తులు వచ్చి అక్షరాలను కప్పేస్తాయి. నాలుగో పాదం సగం కనబడలేదు. పద్యాన్ని ఆయన ముఖం పైనున్న ఖాళీలోకి జరిపి మళ్లీ చూపించాక సరేనన్నారు.

మొదటి ఉత్తరంలో ఏడాది పొడవునా వారం వారం రమ్మని అడగవద్దని ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు చెబుతాను. వయసు పైబడినవారికి ఒక పూట గొంతు బాగుంటుంది, మరో పూట ఉండదు. అంత పెద్ద మాట ఇవ్వడానికి వెనకాడి, ఇష్టమున్నవారు కూడా మొత్తానికే వద్దంటారు. ఒక్క పద్యం అడగండి. రెండోది ఆయనే ఎంచితే, ఒకే కూర్చోవడంలో రెండు మూడు పద్యాలు తీసుకుని నెలకు సరిపెట్టుకోవచ్చు. మా మాస్టారు శరణాగతి శార్దూలంతోపాటు, దానికి ముందున్న సీసపద్యం కూడా చెబుతానన్నారు. అది ఒక్క షార్ట్‌లో పట్టదు గనుక సీసపాదాలు ఒక వారం, గీతం మరో వారం అని విడదీయాలా అని ఆయన్నే అడుగుతూ రెండో ఉత్తరం రాశాం.