మన గుట్టలేనా ఇవి?

మన మీర్‌పేట్ నుంచి ఇబ్రహీంపట్నం వైపు, అక్కడి నుంచి రాచకొండ గుట్టల దాకా బస్సులో పోయిన వారందరికీ ఆ దారి కళ్లల్లో ఉంటుంది. ఎర్రటి చెల్క భూములు, వాటి నడుమ ఎవరో పిల్లలు ఆడుకుంటూ పేర్చి వదిలేసినట్టున్న గుండ్లు, ఒక గుండు మీద ఇంకో గుండు, ఇప్పుడో ఇంకాసేపటికో పడుతుందేమో అన్నట్టు. ఇలాంటి రాళ్లు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండవని మనలో చాలామంది అనుకుంటారు. కానీ ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో మటోబో కొండలు, టాంజానియాలో విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న మ్వాంజా పట్టణం, నైజీరియాలో జోస్ పీఠభూమి చూస్తే మనవాళ్లు ఎవరైనా మోసపోవలసిందే. జింబాబ్వే వాళ్లు తమ రాజధాని హరారే పక్కన ఎప్‌వర్త్‌లో ఉన్న ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లను కరెన్సీ నోట్ల మీద కూడా అచ్చు వేసుకున్నారు. 2009లో వచ్చిన నూరు లక్షల కోట్ల డాలర్ల నోటు మీద ఉన్నవి ఆ రాళ్లే. ఆ నోటు బొమ్మ చూపి ఇది ఎక్కడిదని అడిగితే మన హాస్టల్లో సగం మంది హైదరాబాద్ అనే అంటారు.

ఫొటో చూసి దేశం పేరు చెప్పే ఆట ఆడేవాళ్లకు ఇది బాగా తెలిసిన గుంట. కొత్తవాళ్లు ముందుగా పెద్ద వస్తువులను చూస్తారు. కొండ, నేల రంగు, ఆకాశం. ఇవన్నీ రెండు చోట్లా ఒకటే కాబట్టి అక్కడే బోల్తా పడతారు. అసలు ఎందుకు ఒకటిగా ఉన్నాయో తెలిస్తే దేన్ని నమ్మకూడదో కూడా తెలుస్తుంది కాబట్టి ముందు ఆ సంగతి చెప్పుకుందాం.

మన చుట్టూ ఉన్నది గ్రానైట్. దీని వయసు సుమారు రెండున్నర వందల కోట్ల సంవత్సరాలు. మటోబో గ్రానైట్ కూడా దాదాపు ఆ ఈడుదే. ఈ రాయి భూమి లోపల చల్లబడి గట్టిపడినప్పుడు, ఆ తర్వాత పైనున్న బరువు తొలగినప్పుడు దానిలో నిలువుగా, అడ్డంగా పగుళ్లు ఏర్పడ్డాయి. ఆ పగుళ్లలోకి వాన నీరు దిగింది. నీరు తగిలిన చోట రాయిలోని ఫెల్డ్‌స్పార్ మెత్తబడి మట్టిగా మారుతుంది. మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి అవి ముందు కరిగిపోయి, చదరంగా ఉన్న ముక్క గుండ్రంగా తయారవుతుంది. ఈ పని అంతా నేల కిందనే జరుగుతుంది. మనం రోడ్లకు, ఇళ్ల పునాదులకు తవ్వుకొచ్చే మొరం ఇలా కుళ్లిన గ్రానైటే. మొరం గుంటలో ఎప్పుడైనా దిగి చూడండి, మెత్తటి మొరం మధ్యలో గట్టి గుండ్లు గుడ్డులో సొనలాగా కూర్చుని ఉంటాయి. లక్షల ఏళ్లలో వానలు ఆ మొరాన్ని కడిగేస్తే, కదలని గుండ్లు ఉన్నచోటనే ఒకదానిమీద ఒకటి మిగిలిపోతాయి. అంటే పైగుండును కిందిగుండు మీదికి ఎవరూ ఎత్తలేదు, చుట్టూ ఉన్నది జారిపోయింది, అంతే.

ఒకప్పుడు ఇండియా, ఆఫ్రికా ఒకే ఖండంగా ఉండేవి, అందుకే ఈ పోలిక అని కొందరు అంటారు. కలిసి ఉన్న మాట నిజమే కానీ పోలికకు అది చాలదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ అనే చోట గ్రానైట్ వయసు సుమారు పది కోట్ల ఏళ్లే, మన రాళ్లతో పోలిస్తే పసిపిల్ల. అక్కడా ఇవే గుండ్లు. కాబట్టి పగుళ్లున్న గ్రానైట్, నీరు, చాలినంత కాలం, ఈ మూడూ ఉంటే ఎక్కడైనా ఈ రూపం వస్తుంది. అందుకే రాయిని చూసి దేశం చెప్పడం కుదరదు.

చెట్లను చూసి చెబుదామా అంటే అందులోనూ పెద్ద చిక్కు ఉంది. మనిషి నాటిన చెట్టు సాక్ష్యం చెప్పదు. నీలగిరి ఆస్ట్రేలియా నుంచి, గుల్‌మొహర్ మడగాస్కర్ నుంచి, సర్కారు తుమ్మ అమెరికా ఖండం నుంచి వచ్చి ఇక్కడా అక్కడా స్థిరపడ్డాయి. మన వేపచెట్టే నైజీరియా ఉత్తర ప్రాంతంలో ఊరూరా కనబడుతుంది. వేప కనబడగానే ఇండియా అనేవాళ్లు అక్కడ తప్పుతారు. కానీ తాటిచెట్టు కొంచెం నమ్మదగ్గది. మన తాడు కాండం అడుగు నుంచి పైదాకా ఇంచుమించు ఒకే లావున పోతుంది. ఆఫ్రికా తాడు ముదిరిన తర్వాత కాండం సగం పైన ఉబ్బుతుంది, కొండచిలువ ఏదో మింగినట్టు. ఈతచెట్టులో ఇంకా తేలిక. మన ఈత ఒంటి కాండంతో పెరుగుతుంది, గీత గీసే దిక్కున మెట్లు మెట్లుగా గాట్లుంటాయి. ఆఫ్రికాలో విరివిగా ఉండే ఈత జాతి ఒకే మొదట్లో నాలుగైదు కాండాలు గుంపుగా లేస్తుంది. జెముడు కూడా చూడాలి. మన దగ్గర అది ఎక్కువగా కంచె ఎత్తున ఉంటుంది. అక్కడి గుండ్ల మధ్య కొమ్మలన్నీ పైకెత్తిన దీపస్తంభంలా ఇంటి కప్పును మించి పెరిగిన జెముడు చెట్లు ఉంటాయి.

అసలైన తేడా మాత్రం మనుషులు రాయితో ఏం చేశారన్న దానిలో ఉంది. మన వైపు వడ్డెరలు ఉలితో వరుసగా చిన్న గుంతలు కొట్టి, వాటిలో ఇనుప మేకులు దిగగొట్టి బండను చీలుస్తారు. ఆ చీలిన అంచున పళ్ల వరుసలాగా సగం సగం గుంతలు మిగులుతాయి. చేను చుట్టూ నిలబెట్టే రాతి కడీల మీద ఈ గుర్తులు కనబడతాయి. ముళ్లతీగ కట్టిన రాతి కడీల వరుస కనబడితే మనం ముప్పాతిక వంతు తెలంగాణలోనో, పక్కనున్న రాయలసీమ, కర్ణాటకలలోనో ఉన్నట్టే. జింబాబ్వేలో కంచెకు ఎక్కువగా కర్ర గుంజలు, ఇనుప గుంజలు వాడతారు. వాళ్ల పాతకాలపు పనితనం వేరు. అక్కడి గ్రానైట్ పొరలు పొరలుగా లేచే గుణాన్ని వాడుకుని, ఆ పలకలను ఇటుకంత ముక్కలుగా కొట్టి, సున్నం లేకుండా పేర్చి గ్రేట్ జింబాబ్వే నగరాన్ని కట్టారు. మన రాచకొండలో కూడా సున్నం లేకుండా పేర్చిన గోడలున్నాయి కానీ అవి పెద్ద పెద్ద బండలవి. గోడ ఫొటో దొరికితే రాయి సైజు చూస్తే చాలు.

ఇప్పుడు ఒక ఫొటోను తీసుకుని దారి పట్టి వెళదాం. మన జూనియర్ తమ్ముళ్లకు చూపించిన ఫొటో ఇది. గుండ్ల గుట్ట, ఎర్రమట్టి, సన్నని తారురోడ్డు, ఎదురుగా వస్తున్న తెల్ల కారు, దూరంగా ఒక ఆటో. ఎక్కడా బోర్డు లేదు. అందరూ ఒకే గొంతుతో మనదే అన్నారు, ఆటో ఉందిగా అన్నారు. ముందు ఆ ఆటోనే పక్కన పెట్టాలి. టాంజానియాలో మన బజాజ్ ఆటోలు ఎన్ని తిరుగుతున్నాయంటే ఆటోకు అక్కడి పేరే ‘బజాజి’. తర్వాత కారు ఏ పక్కన వస్తున్నదో చూశాం. తన ఎడమ పక్కన వస్తున్నది. నైజీరియా 1972లో కుడి పక్కకు మారింది కాబట్టి అది పోయింది. ఇండియా, జింబాబ్వే, టాంజానియా మూడూ ఎడమ పక్కవే, అవి మిగిలాయి.

తర్వాత నెంబరు ప్లేటు. అక్షరాలు కనబడకపోయినా రంగు కనబడింది, పసుపు. మన దగ్గర పసుపు ప్లేటు అంటే కిరాయి బండి. కానీ ఆ కారు పైన సామాను, వెనక కుటుంబం, ఎక్కడా టాక్సీ రాత లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. జింబాబ్వేలో, టాంజానియాలో సొంత కారుకే పసుపు ప్లేటు, కిరాయి బండ్లకు తెల్లది. మన అలవాటుకు సరిగ్గా తలకిందులు. అయినా దీనితోనే తేల్చకూడదు, మన టాక్సీలో కూడా కుటుంబమే ఎక్కుతుంది కదా. అందుకని కరెంటు స్తంభం చూశాం. మన పల్లెల్లో స్తంభం సిమెంటుది, పలకలుగా ఉంటుంది. చేలల్లోనైతే బోరు మోటర్ల కోసం రెండు స్తంభాల మధ్య కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడో ఒకచోట కనబడుతుంది. ఈ ఫొటోలో స్తంభం గుండ్రని కర్ర, నల్లగా మందు పట్టించినది. గుట్ట మీద గడ్డి మోకాలెత్తున ఎండి నిలబడి ఉంది, మన గుట్టల మీదైతే మేకలు అంత మిగలనివ్వవు. ఇక ఇండియా కాదని గట్టిగా అనుకోవచ్చు. చివరికి ఫొటోను పెద్దది చేసి చూస్తే ప్లేటు మీద మొదట ఒక్క అక్షరం, తర్వాత మూడు అంకెలు, తర్వాత మూడు అక్షరాలు ఉన్నట్టు తెలిసింది. T తో మొదలయ్యే ఆ వరుస టాంజానియాది. జింబాబ్వే అయితే మూడు అక్షరాలు, నాలుగు అంకెలు ఉండేవి. మన ప్లేటు అయితే రాష్ట్రం గుర్తుతో మొదలవుతుంది. 2014 దాకా AP, ఆ తర్వాత TS, 2024 నుంచి కొత్త బండ్లకు TG. ప్లేటును బట్టి ఫొటో ఎప్పటిదో కూడా కొంత చెప్పవచ్చు.

సూర్యుణ్ణి చూసి చెప్పే పద్ధతి ఒకటి ఉంది, దాని హద్దు తెలియక చాలామంది దెబ్బతింటారు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన, దక్షిణాన ఉన్న దేశంలో ఉత్తరాన కనబడతాడని పుస్తకం చెబుతుంది. ఫొటోలో దిక్కులు తెలిస్తే ఇది మంచి సాధనమే. కానీ మనది 17 డిగ్రీల అక్షాంశం. హైదరాబాద్‌లో 2023లో మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం నీడ కనబడకుండా పోయింది. ఏటా ఇంచుమించు ఆ తేదీల్లోనే సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. ఆ రెండింటి మధ్య దాదాపు మూడు నెలలు మనకూ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానే ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మటోబోలో ఇదే తిరకాసు నవంబర్ చివరి వారం నుంచి జనవరి మూడో వారం దాకా ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లో తీసిన ఫొటోకు ఈ సూత్రం పెట్టినవాడు ఇబ్రహీంపట్నాన్ని తీసుకెళ్లి ఆఫ్రికాలో పెడతాడు.

అందుకు బదులు పచ్చదనాన్ని, తేదీని కలిపి చూడండి. ఆగస్టులో మన గుట్టలు పచ్చగా ఉండి, సీతాఫలం చెట్లు ఆకుల మీద ఉంటాయి. జింబాబ్వేలో వానలు నవంబర్ నుంచి మార్చి దాకా, ఆగస్టులో అక్కడ అంతా ఎండు గడ్డి. మళ్లీ సెప్టెంబరు ప్రాంతంలో, వానలు ఇంకా రాకముందే, అక్కడి మ్సాసా చెట్లు ఎర్రని చిగుళ్లు వేస్తాయి. దూరం నుంచి చూస్తే మన మోదుగు పూసినట్టే ఉంటుంది. మోదుగు మాత్రం ఫిబ్రవరి, మార్చిలలో ఆకు రాల్చి పూస్తుంది, దగ్గరికి పోతే కొమ్మకు పూలు ఉంటాయి, చిగుళ్లు కావు.