సగం దారిలో కొత్త లెక్క

హాఫ్ మారథాన్‌ను రెండు గంటల్లో పూర్తి చేయాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు పట్టాలి. రన్నర్లు దీన్నే పేస్ అంటారు. మొదట్లో జనం మధ్య చిక్కుకునో, ఫ్లైఓవర్లు ఎక్కుతూ నెమ్మదించో ఒకాయన 11వ కిలోమీటరు బోర్డు చేరేసరికి 64 నిమిషాల 54 సెకన్లు అయిందనుకుందాం. సగటు పేస్ 5:54. మరి మిగతా దూరం ఎంత పేస్‌లో పరుగెత్తాలి?

పరుగు మధ్యలో పెద్ద భాగహారాలు కుదరవు. తేలికైన దారి ఒకటుంది. ఆ బోర్డు దగ్గరికి 62:34కి రావాలి. అంటే 140 సెకన్లు వెనకబడ్డాడు. మిగిలిన దూరం 10.1 కిలోమీటర్లు. 140ని పదితో భాగిస్తే 14. కిలోమీటరుకు 14 సెకన్ల చొప్పున తగ్గించాలి కాబట్టి కొత్త పేస్ 5:27.

మిగిలిన సమయాన్నే నేరుగా మిగిలిన దూరంతో భాగించేవాళ్లు ఆ చివరి వంద మీటర్లను వదిలేయకూడదు. పది కిలోమీటర్లే ఉన్నాయనుకుంటే పేస్ 5:31 అని వస్తుంది, గీత దాటేసరికి అర నిమిషం ఆలస్యమవుతుంది. వాచీ చూపే దూరాన్ని నమ్మినా ఇబ్బందే. మలుపుల్లో అటూ ఇటూ పరుగెత్తడం వల్ల, జీపీఎస్ తేడాల వల్ల వాచీలో దూరం సాధారణంగా కాస్త ఎక్కువే పడుతుంది. దాంతో సగటు పేస్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. అందుకే దూరం బోర్డు మీద, సమయం వాచీలో చూసుకోవాలి.

14 సెకన్లే కదా అనిపిస్తుంది. కానీ రెండు గంటల్లో హాఫ్ పూర్తి చేయగల రన్నరు విడిగా 10 కిలోమీటర్ల పందెంలో శక్తినంతా పెట్టినా దాదాపు 54 నిమిషాలు పడుతుంది, అంటే 5:25 పేస్. 11 కిలోమీటర్లు పరుగెత్తాక మళ్లీ ఇంచుమించు అదే వేగం అందుకోవాలన్నమాట. మొదటి సగంలో నిజంగా బలం మిగుల్చుకున్నవాళ్లకే అది సాధ్యం.

నిర్ణయం వాయిదా వేస్తే ఇంకా కష్టం. 16వ కిలోమీటరు దాకా 5:41తోనే వెళ్తే అదే 140 సెకన్లను ఐదు కిలోమీటర్లలో పూడ్చాలి. అప్పుడు పేస్ 5:14 అవుతుంది. 10 కిలోమీటర్ల పందెంలోనే అందని వేగం అది.

కాబట్టి 11వ బోర్డు దగ్గరే తేల్చుకోవాలి. 5:27తో రెండు కిలోమీటర్లు వెళ్లి చూడాలి. ఊపిరి అదుపు తప్పి, రెండు మాటలు కూడా కలిపి అనలేకపోతే 5:35కి తగ్గాలి. చివరిదాకా అలాగే సాగితే పరుగు 2 గంటల 1 నిమిషం దాటి ముగుస్తుంది. మొండిగా వెళ్లి 18 దగ్గర నడక మొదలుపెడితే ఒక్కో కిలోమీటరుకు నాలుగైదు నిమిషాలు అదనంగా పోతాయి.