స్కాన్‌లో నీరు కనిపించింది, ఎన్నో రోజున?

పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పాకి, ముందుకు వంగి కూర్చుంటే తప్ప ఊరట దొరకక, వాంతులు ఆగకపోతే దాన్ని గ్యాస్ అనుకుని తెల్లవార్లూ ఓర్చుకునేవాళ్లే మనలో ఎక్కువ. 45 ఏళ్ల ఒక వ్యక్తి అలాగే ఓర్చుకుని, ఉదయం ఆస్పత్రికి వచ్చాడనుకుందాం. రక్తంలో లైపేజ్ ఉండాల్సిన గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు దాటింది. ఇలాంటి నొప్పి, ఈ లైపేజ్ రెండూ ఉంటే పాంక్రియాటైటిస్ అని, అంటే క్లోమగ్రంథి వాచిందని తేల్చడానికి చాలు. సీటీ లేకపోయినా చికిత్స మొదలుపెట్టవచ్చు. అయినా ఇంట్లోవాళ్ల ఆత్రుత కొద్దీ అదే రోజు స్కాన్ తీశారు.

ఆ చిత్రంలో మూడు మార్పులు కనబడ్డాయి. సన్నగా, గుత్తులుగుత్తులుగా ఉండాల్సిన గ్రంథి ఉబ్బి, అంచులు చెరిగిపోయాయి. దాని చుట్టూ ఉండే కొవ్వు సీటీలో ముదురు రంగులో కనిపించాలి. వాపు నుంచి ఊరిన ద్రవం అందులోకి ఇంకడంతో అది పొగ కమ్మినట్టు మసకబారింది. ఇక క్లోమానికి గట్టి తొడుగు లేదు కనుక, ఊరిన ద్రవం అక్కడే ఆగకుండా ఎడమ మూత్రపిండం ముందు వైపుకీ, జీర్ణాశయం వెనక్కీ జారి నిలిచింది. రిపోర్టులో ‘నెక్రోసిస్ లేదు’ అని ఉండటంతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

తొందరపాటు ఇక్కడే. గ్రంథిలో ఎంత భాగం చచ్చిపోయిందో మొదటి రోజు స్కాన్ నమ్మకంగా చెప్పలేదు. కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు రక్తం పారే కణజాలం తెల్లగా వెలుగుతుంది, చచ్చిన భాగం వెలగదు. కానీ ఆ తేడా స్పష్టపడటానికి నొప్పి మొదలైన దగ్గర్నుంచి మూడు, నాలుగు రోజులైనా పడుతుంది. రోగ నిర్ధారణలో అనుమానం ఉంటేనో, పరిస్థితి వేగంగా విషమిస్తుంటేనో తప్ప తొలిరోజు సీటీ వద్దని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే.

నాలుగో రోజున మన రోగికి జ్వరం వచ్చింది, ఆయాసం పెరిగింది, మూత్రం తగ్గింది. ముందు సెలైన్‌తో మూత్రపిండాలు కాస్త తేరుకునేలా చూసి, అయిదో రోజున మళ్లీ స్కాన్ తీశారు. ఈసారి గ్రంథి మధ్యభాగం వెలగలేదు. చుట్టూ చేరిన నీరు కూడా అంతటా ఒకేలా లేదు, మధ్యమధ్య ముద్దల్లాంటివి ఉన్నాయి. అంటే అది వట్టి నీరు కాదు, చచ్చిన కణజాలం కలిసిన నిల్వ.

‘నీరు ఉందంటున్నారుగా డాక్టరు గారూ, తీసేయండి’ అనడం సహజం. కానీ తొలి వారాల్లో ఆ నిల్వకు గోడ ఉండదు, ఎక్కడ ముగుస్తుందో తెలియదు. సూది గుచ్చితే, అప్పటిదాకా సూక్ష్మక్రిములు లేని ద్రవంలోకి బయటినుంచి వాటిని మనమే పంపినట్టవుతుంది. పైగా నెక్రోసిస్ లేని మామూలు నీరైతే చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది. కాబట్టి జ్వరం ఒక్కటే ఉందని గొట్టం వేయరు, ఎందుకంటే తొలివారం జ్వరం వాపువల్ల కూడా రావచ్చు. నిల్వలో గాలిబుడగలు కనబడితే మాత్రం ఇన్ఫెక్షన్ అనుకోవాలి. అరుదుగా పేగుకు రంధ్రం పడి కూడా గాలి చేరుతుంది.

ఇన్ఫెక్షన్ నిజంగా సోకినా వెంటనే పొట్ట కోయాల్సిన పని లేదు. నెదర్లాండ్స్‌లో జరిగి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, ముందు గొట్టం వేసి చూసే పద్ధతిలో ఉంచిన రోగుల్లో 35 శాతం మందికి ఆ గొట్టమే సరిపోయింది. మిగతావారికే ఆ తర్వాతి మెట్టు అవసరమైంది.

2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ సుమారు నాలుగు వారాలను హద్దుగా పెట్టుకుంది. ఆపాటికి నిల్వ చుట్టూ గోడ కడుతుంది. లోపల వట్టి నీరే ఉంటే సూడోసిస్ట్, ముద్దలు కలిసి ఉంటే వాల్డ్‌ఆఫ్ నెక్రోసిస్ అంటారు. ఈ రెంటినీ విడదీయడంలో సీటీ తడబడుతుంది. ముద్దలు ఎంఆర్‌ఐలోనూ, ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్‌లోనూ బాగా తెలుస్తాయి.

అయిదో వారానికి మన రోగికి జ్వరం పోయింది కానీ రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోంది. గోడ కట్టిన నిల్వ జీర్ణాశయాన్ని వెనకనుంచి నొక్కుతోంది. అప్పుడు ఎండోస్కోపీ ద్వారా జీర్ణాశయంలోంచే దారి చేసి స్టెంట్ పెట్టారు. నిల్వ కుంగిపోయాక, కొన్ని వారాల తర్వాత దాన్ని తీసేశారు.

ఇంతకీ ఇదంతా దేనివల్ల వచ్చింది? రోగి మద్యం ముట్టడు. రెండు సీటీల్లోనూ పిత్తాశయంలో రాళ్లు కనబడలేదు. అయితే సాంద్రతలో పిత్తరసాన్ని పోలిన రాళ్లు సీటీలో దొరకవు. మామూలు అల్ట్రాసౌండ్‌లోనే అవి బయటపడ్డాయి. నీటి నిల్వలు సర్దుకునేదాకా ఆగి, తర్వాత పిత్తాశయాన్ని తీసేశారు.