బొమ్మ బల్ల మీద నిలవాలంటే

ఏటికొప్పాక లక్క బొమ్మ ఒకదాన్ని తెల్లగుడ్డ ముందు పెట్టి ఫొటో తీశారనుకుందాం. ఫొటోషాప్‌లో చుట్టూ ఉన్నదంతా కత్తిరించి, వేరే ఫొటోలోని చెక్కబల్ల మీదకు తెచ్చారు. అంచుల్లో వెంట్రుకవాసి తేడా లేదు, రంగులూ కుదిరాయి. అయినా బొమ్మ గాలిలో తేలుతున్నట్టే ఉంటుంది. అప్పుడు చాలామంది Drop Shadow నొక్కుతారు. బొమ్మ ఇంకాస్త పైకి లేస్తుంది!

Drop Shadow చేసేదల్లా బొమ్మ ఆకారాన్ని కాస్త పక్కకు జరిపి, నల్లగా వెనక వేయడమే. గోడకు ఎడంగా పట్టుకున్న అట్టముక్క నీడ అలాగే ఉంటుంది. బల్ల మీది బొమ్మ నీడ మాత్రం దాని అడుగున మొదలై బల్ల పొడవునా పరుచుకుంటుంది. వస్తువుకూ నీడకూ మధ్య ఎడం చూసే మన కన్ను ఎత్తును అంచనా వేస్తుంది. కెర్‌స్టెన్, మమాసియన్, నిల్ అనే పరిశోధకులు 1997లో దీన్ని ఒక బంతి బొమ్మతో చూపించారు. తెర మీద బంతి వెళ్లే దారి మారలేదు, నీడ దారి ఒక్కటే మార్చారు. అదే బంతి ఒకసారి నేల మీద జరుగుతున్నట్టు, ఇంకోసారి గాలిలోకి లేస్తున్నట్టు కనిపించింది.

కాబట్టి నీడ వేసే ముందు బల్ల ఫొటోను చదవాలి. అందులో ఎడమ కిటికీ వెలుగుకు ఒక కాఫీ కప్పు నీడ కుడివైపు పడి ఉందనుకుందాం. నీడ ఎటు పడింది, కప్పు ఎత్తుకు ఎంత పొడవుంది, అంచు ఎక్కడ మసకబారింది అన్నవన్నీ ఆ కప్పే చెబుతుంది. రంగు కూడా అక్కడే దొరుకుతుంది. Eyedropperతో చూస్తే ఎండపొడ పడ్డ చెక్క 200, 160, 120 అనీ, పక్కనే నీడలోని చెక్క 100, 84, 66 అనీ వచ్చాయనుకుందాం. నీడ అంకెలను వెలుగు అంకెలతో భాగించి 255తో హెచ్చిస్తే సుమారు 128, 134, 140 వస్తాయి. కొంచెం నీలి ఛాయ ఉన్న బూడిదరంగు అది. కొత్త లేయర్‌ను Multiplyలో పెట్టి ఆ రంగు పూస్తే, చెక్క గీతలు చెరగకుండా సరిగ్గా కప్పు నీడలాంటి నీడే పడుతుంది. నలుపు పూస్తే మాత్రం మసి అంటినట్టుంటుంది.

ముందుగా వేయాల్సింది కాంటాక్ట్ షాడో, అంటే బొమ్మ అడుగు బల్లను తాకే చోట ఉండే సన్నని చీకటి. ఆ సందులోకి కిటికీ వెలుగే కాదు, గోడల మీద తగిలి వచ్చే వెలుగు కూడా దూరలేదు. అందుకే నీడంతటిలో అదే అతి చిక్కన. బొమ్మ లేయర్ కింద ఇంకో Multiply లేయర్ తీసుకుని, 900 పిక్సెళ్ల ఎత్తు బొమ్మకైతే మూడు నాలుగు పిక్సెళ్ల కుంచెతో అడుగు వంపు వెంటే గీయాలి. వెలుగు వైపు గీత దాదాపు కనిపించనంత సన్నగా, నీడ వైపు కాస్త లావుగా ఉండాలి. తర్వాత ఒకటి రెండు పిక్సెళ్ల Gaussian Blur సరిపోతుంది. బొమ్మ అడుగు అంచున తెల్లగుడ్డ మెరుపు మిగిలిందేమో కూడా చూడాలి. ఆ తెల్లని గీత ఉన్నంతవరకు కింద ఎంత చీకటి వేసినా బొమ్మ బల్లకు ఆనదు.

ఇక పొడవాటి నీడ. బొమ్మ ఆకారాన్ని కాపీ చేసి, నీడరంగు నింపి, Distortతో తలభాగాన్ని కప్పు నీడ దిశలో బల్ల మీదకు వాల్చాలి. నీడ పడేది మనవైపు నుంచి కాదు, దీపం వైపు నుంచి కనిపించే ఆకారం. లక్క బొమ్మ పట్టెడ మీద గుండ్రంగా తిరిగినది కనుక ఎటు చూసినా ఒకటే రూపు, కాపీ పనికొస్తుంది. పిడి ఉన్న జగ్గుకైతే చేత్తో గీసుకోవాల్సిందే.

నీడ అంచు అంతటా ఒకేలా మెత్తబడకూడదు. ఒక మీటరు వెడల్పు కిటికీ రెండు మీటర్ల దూరంలో ఉంటే, నీడ వేసే అంచుకు పది సెంటీమీటర్ల అవతల మసక సుమారు ఐదు సెంటీమీటర్లు పరుచుకుంటుంది; అడుగు దగ్గర దాదాపు ఉండదు. అందుకని నీడను రెండు కాపీలు చేసి, ఒకదానికి కొద్దిగా, ఇంకోదానికి బాగా Blur ఇచ్చి, మాస్క్‌లో గ్రేడియంట్‌తో ఒకదాంట్లోంచి ఒకటిలోకి కలపాలి.

కప్పు నీడ మీదకు బొమ్మ నీడ వెళ్తే ఇంకో పొరపాటు బయటపడుతుంది. Multiply అక్కడ రెండింతలు నల్లబరుస్తుంది. కిటికీ ఒక్కటే కదా, ఒకసారి ఆగిపోయిన వెలుగు మళ్లీ ఆగదు. కాబట్టి కలిసిన చోట కొత్త నీడను మాస్క్‌తో చెరిపేయాలి.

చివరగా ఫొటోను బొటనవేలంత చిన్నది చేసి, కాంటాక్ట్ షాడో లేయర్ పక్కనున్న కన్ను గుర్తును ఆపి, మళ్లీ వెలిగించి చూడాలి. ఆపినప్పుడు బొమ్మ లేచి, వెలిగించినప్పుడు బల్ల మీద దిగితే పని పూర్తయినట్టే.