రేటు పెరిగినా మానలేనివి

1923 బడ్జెట్‌లో భారత ప్రభుత్వానికి లోటు వచ్చింది. దాన్ని పూడ్చడానికి ఆర్థిక సభ్యుడు బేసిల్ బ్లాకెట్ ఎంచుకున్న సరుకు ఉప్పు. అప్పటికి మణుగు ఉప్పు మీద పన్ను రూపాయి నాలుగణాలు. సర్కారు లెక్కలో మణుగంటే సుమారు 37 కిలోలు. ఆ పన్నును ఒక్కసారిగా రెండున్నర రూపాయలు చేయాలన్నది ప్రతిపాదన. కేంద్ర శాసనసభ ఒప్పుకోలేదు. అయినా వైస్రాయ్ లార్డ్ రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో దాన్ని అమలు చేశాడు. దేశమంతా గగ్గోలు పుట్టడంతో మరుసటి ఏడాది పన్ను మళ్లీ పాత స్థాయికి దిగింది.

లోటు పూడ్చుకోవడానికి సర్కారు పట్టువస్త్రాల జోలికో అత్తర్ల జోలికో పోకుండా ఉప్పు మీదే ఎందుకు పడింది? పట్టు ప్రియమైతే జనం కొనడం మానేస్తారు, అమ్మకం పడిపోతే పన్నూ రాదు. ఉప్పు ప్రియమైతే మాత్రం తిట్టుకుంటూనైనా కొంటారు. ఖజానా చూసే వాళ్లకు ఈ సంగతి ఏ అర్థశాస్త్రమూ పుట్టకముందే తెలుసు. దానికి శాస్త్రంలో ఒక కొలత, ఒక పేరు ఏర్పడింది మాత్రం 19వ శతాబ్దం చివర్లో.

ఆ పేరు డిమాండ్ వ్యాకోచత్వం. ఇంగ్లండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ మార్షల్‌కు ఈ ఆలోచన 1881లో తట్టింది. ఆరోగ్యం బాగాలేక అప్పుడాయన ఇటలీలోని పలెర్మోలో ఉన్నాడు. బస చేసిన చోట డాబా మీద కూర్చుని రాసుకుంటుండగా దొరికిన ఈ ఆలోచన ఆయన్ని ఎంతో సంబరపెట్టిందని భార్య మేరీ తర్వాత గుర్తుచేసుకుంది. 1890లో అచ్చయిన తన అర్థశాస్త్ర గ్రంథంలో మార్షల్ దాన్ని వివరించాడు. ధర ఇంత శాతం మారితే కొనే పరిమాణం ఎంత శాతం మారుతుందన్నదే ఆ కొలత. పరిమాణంలో వచ్చిన మార్పును ధరలో వచ్చిన మార్పుతో భాగిస్తే సరి. ఫలితం ఒకటి కన్నా ఎక్కువైతే డిమాండ్ వ్యాకోచమైనది, తక్కువైతే అవ్యాకోచమైనది. పరిమాణం ధరకు ఎదురు దిశలో కదులుతుంది కాబట్టి అసలు లెక్కలో ముందు మైనస్ గుర్తు ఉంటుంది. మాటల్లో చెప్పేటప్పుడు దాన్ని వదిలేస్తుంటారు.

ఒక ఇంటి లెక్క తీసుకుందాం. నలుగురున్న ఆ కుటుంబం ఆదివారాల్లో హోటల్‌కు వెళ్తుంది, వెళ్లిన ప్రతిసారీ వెయ్యి రూపాయలవుతుంది. నెలకు నాలుగు వేలు. హోటల్ వాడు రేట్లు 20 శాతం పెంచాడు. ఇంటివాళ్లు నాలుగుసార్లకు బదులు మూడుసార్లే వెళ్లారు, అంటే 25 శాతం తగ్గించారు. 25ను 20తో భాగిస్తే 1.25 వస్తుంది. రేటు పెంచిన హోటల్ వాడికి ఆ ఇంటి నుంచి వచ్చింది 3,600 రూపాయలే. పెంచి నష్టపోయాడు.

అదే ఇంట్లో నెలకు కిలో ఉప్పు వాడతారు, ధర 30 రూపాయలు అనుకుందాం. అది రెట్టింపై 60 అయింది. ఊరగాయ రాళ్లుప్పు దగ్గర కాస్త పొదుపు చేశారేమో, కిలోకు 20 గ్రాములు తగ్గింది. రెండు శాతాన్ని వందతో భాగిస్తే 0.02 వస్తుంది. ఉప్పు ఖర్చు 30 నుంచి దాదాపు 59 రూపాయలకు చేరింది. అమ్మేవాడికో పన్ను వేసేవాడికో పెంచినదంతా దాదాపుగా చేతికొచ్చింది. డిమాండ్ అవ్యాకోచంగా ఉన్నచోట ధర పెంచే అధికారం చాలా విలువైనది. ఆ అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఉప్పు ఇలా ప్రవర్తించడానికి కారణాలు మూడు కలిసొస్తాయి. దాని బదులు వాడేదేమీ లేదు. బియ్యం ప్రియమైతే జొన్నకు మారొచ్చు, కందిపప్పు ప్రియమైతే పెసరపప్పుకు మారొచ్చు, ఉప్పుకు ఆ దారి లేదు. రెండోది, పళ్లెంలో పట్టే ఉప్పుకు ఒక హద్దుంది. చవకైందని ఎవరూ కూరలో రెట్టింపు వెయ్యరు, ప్రియమైందని చప్పిడి కూర తినరు. మూడోది అన్నిటికన్నా గట్టిది. నెలకు 20 వేలు ఖర్చుపెట్టే ఇంట్లో 30 రూపాయలంటే వెయ్యికి రూపాయిన్నర. అది రెట్టింపైనా ఇంటి లెక్క చెదరదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మార్షల్ కూడా అవ్యాకోచ డిమాండుకు ఉదాహరణగా ఉప్పును చెబుతూ, దాని పక్కనే చవక మందులను చేర్చాడు. ఇంగ్లండులో పేదవాడికి కూడా ఇవి ఎంత చవక అంటే, ధర ఇంకా తగ్గినా వాడకం పెద్దగా పెరగదన్నాడు.

ఇంగ్లండు పేదవాడికి సరిపోయిన ఆ మాట ఇక్కడి పేదవాడికి సరిపోలేదు. 1888 నుంచి మణుగుకు రెండున్నర రూపాయలున్న పన్నును 1903 నుంచి 1907 వరకు దశలవారీగా ఒక్క రూపాయికి తగ్గించారు. దానికోసం గట్టిగా వాదించినవాళ్లలో గోపాలకృష్ణ గోఖలే ఒకరు. పన్ను భారంతో పేదలు ఒంటికి కావలసినంత ఉప్పు కూడా తినలేకపోతున్నారని వైస్రాయ్ మండలిలో ఆయన వాదన. పన్ను తగ్గాక ఉప్పు వాడకం నిజంగానే పెరిగింది. ఖజానాకు వచ్చే రాబడి మాత్రం తగ్గింది. ఈ రెండు సంగతులూ కలిపి చూడాలి. రాబడి తగ్గిందంటే డిమాండ్ మొత్తం మీద అవ్యాకోచమైనదే. వాడకం పెరిగిందంటే, అంతకుముందు కొన్ని ఇళ్లలో ఉప్పు దగ్గర కూడా చెయ్యి బిగపట్టారన్నమాట. దేశం సగటులో ఆ ఇళ్లు కనబడవు.

సరుకు ఒకటే అయినా వాడుక మారితే వ్యాకోచత్వం మారుతుందనడానికి మన కోస్తా తీరమే సాక్ష్యం. చేప ఎండబెట్టేవాళ్లకు ఉప్పు చిటికెల్లో సరిపోదు, బుట్టలకొద్దీ కావాలి. పన్ను కట్టిన ఉప్పు చల్లితే ఎండుచేప ధర గిట్టదు. అందుకని ఉప్పు తగ్గించేవారు, లేదా ఉప్పుమట్టితో సరిపెట్టేవారు, చేప చెడిపోయేది. ఈ ఇబ్బంది గమనించి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం తీరం పొడవునా చేపలు ఎండబెట్టే యార్డులు పెట్టి, వాటి లోపల వాడే ఉప్పుకు పన్ను మినహాయించింది. తినే ఉప్పు మీద వసూలైన పన్ను ఇక్కడ వసూలు కాదని సర్కారుకు అర్థమైంది. కూరలో ఉప్పుది అతిచిన్న ఖర్చు, ఎండుచేపలో పెద్ద ఖర్చు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు ఉప్పు మీద జీఎస్టీ లేదు. కంపెనీల మధ్య పోటీ ఉంది. ఒక కంపెనీ తన ప్యాకెట్ రేటు పది రూపాయలు పెంచితే పక్క ప్యాకెట్ అందుకుంటారు కాబట్టి, ఉప్పు డిమాండ్ అవ్యాకోచమే అయినా ఒక్కో బ్రాండు డిమాండ్ బాగా వ్యాకోచమైనది. కొనేవాడిని కాపాడుతున్నది ఈ తేడాయే. బ్రిటిష్ పన్ను ప్రతి ప్యాకెట్ మీదా, ప్రతి బస్తా మీదా ఒకేలా పడింది. తప్పించుకుని మళ్లడానికి పక్క సరుకు లేదు. సముద్రం ఒడ్డున ఉప్పు పోగుచేసుకోవడమూ నేరమే. 1930లో గాంధీ దండికి నడిచి పట్టుకున్నది సరిగ్గా ఈ ముడినే.

మందుల దగ్గర ఈ ముడి మరింత బిగుస్తుంది. అమెరికాలో డారాప్రిమ్ అనే మాత్ర ఉంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్ల వచ్చే ఇన్ఫెక్షన్‌కు వాడతారు. ఎయిడ్స్ రోగుల్లాగా రోగనిరోధక శక్తి సన్నగిల్లినవాళ్లకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. మాత్ర ఆరు దశాబ్దాల నాటిది, పేటెంట్ ఎప్పుడో అయిపోయింది. 2015లో దాని హక్కులు కొన్న ట్యూరింగ్ ఫార్మాస్యూటికల్స్, మాత్ర ధరను 13.50 డాలర్ల నుంచి ఒక్కసారిగా 750 డాలర్లకు పెంచింది. రోజుకు మూడు మాత్రలు వాడే రోగికి రోజు ఖర్చు 40 డాలర్ల నుంచి 2,250 డాలర్లయింది. వాడేవాళ్లు కొద్దిమందే కావడంతో మరో కంపెనీ ఆ మాత్రకు అమెరికాలో అనుమతి తెచ్చుకోలేదు. ప్రాణం నిలబెట్టే మందు, అమ్మేవాడు ఒక్కడు. రేటు పెంచడానికి అంతకన్నా అనువైన చోటు లేదు.

కాలం గడిస్తే మాత్రం ఆ పట్టు సడలుతుంది. కొన్ని నెలల్లోనే మరో సంస్థ అదే రసాయనంతో క్యాప్సూల్ తయారుచేసి ఒక్కోటి డాలరుకే ఇస్తామంది. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మొదటి జెనరిక్‌కు అనుమతి ఇచ్చింది. పోటీని అడ్డుకున్నందుకు ట్యూరింగ్ అధిపతి మార్టిన్ ష్క్రెలీని ఔషధ వ్యాపారం నుంచి జీవితకాలం బహిష్కరిస్తూ 2022లో కోర్టు తీర్పిచ్చింది. మందుల డిమాండ్ ఎంత అవ్యాకోచమైనదని అడిగితే, ఎంత కాలంలో అని ఎదురు అడగాల్సిందే. వారం లెక్కలో ఒక జవాబు, ఐదేళ్ల లెక్కలో ఇంకో జవాబు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. మందు ఎంచేది డాక్టరు, డబ్బు కట్టేది రోగి. ఒకే మందు పది పేర్లతో పది ధరల్లో దొరుకుతున్నా, చీటీ మీద ఉన్న పేరే కొంటారు. ఉప్పు ప్యాకెట్ దగ్గర చేసినట్టు పక్కదానికి మళ్లే స్వేచ్ఛ వాడుకునే ధైర్యం రోగికి ఉండదు. అందుకే అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి జాతీయ ఔషధ ధరల సంస్థ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. ఒక మందులో ఒక శాతానికి పైగా మార్కెట్ వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానికి దుకాణదారు వాటా 16 శాతం కలపడం 2013 నాటి ఆదేశం చెప్పే పద్ధతి. గుండె రక్తనాళంలో అమర్చే స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో ధర కట్టడి చేసింది కూడా ఈ సంస్థే. మందు పూత ఉన్న స్టెంట్‌కు అప్పుడు పెట్టిన హద్దు 29,600 రూపాయలు. గుండెపోటుతో బల్ల మీద పడుకున్నవాడు ధర బేరమాడలేడు. ఆ బేరం అతని తరఫున ఇంకెవరో ముందే ఆడిపెట్టాలి.

ఇంతా చెప్పాక, మందుల డిమాండ్ అవ్యాకోచమైనదన్న మాటను గుడ్డిగా నమ్మకూడదు. సాయంత్రం మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. పంటినొప్పికి వచ్చినవాడు రేటు అడగడు, ముందు మాత్ర వేసుకుంటాడు. బీపీ మాత్రలకు వచ్చిన పెద్దాయన పది మాత్రల స్ట్రిప్ చూసి, నాలుగు కత్తిరించి ఇమ్మంటాడు. రోజుకొకటి వేసుకోవాల్సింది రోజు విడిచి రోజు వేసుకుంటాడు. బీపీ నొప్పి పెట్టదు, మాత్ర మానేసిన రోజున ఏమీ కాదు. కాబట్టి డాక్టరు దృష్టిలో ఏది అత్యవసరమో అది రోగి జేబు దృష్టిలో అత్యవసరం కాకపోవచ్చు. వ్యాకోచత్వం కొలిచేది జేబు నిర్ణయాన్నే, ఒంటి అవసరాన్ని కాదు.

దీన్ని బాగా పట్టి చూపింది అమెరికాలో 1970లలో మొదలైన ర్యాండ్ ఆరోగ్య బీమా ప్రయోగం. కుటుంబాలను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం చేశారు, మిగతావాళ్ల చేత ఖర్చులో రకరకాల వాటాలు కట్టించారు. తేలిన వ్యాకోచత్వం సుమారు 0.2. అంటే వైద్యం ధర పది శాతం పెరిగితే వాడకం రెండు శాతం తగ్గుతుంది. అవ్యాకోచమైనదే. కానీ ఆ తగ్గిన భాగంలో ఏముందో చూస్తే, పనికిరాని వైద్యాన్నీ ప్రాణం కాపాడే వైద్యాన్నీ జనం దాదాపు ఒకేలా తగ్గించుకున్నారు. సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా కనబడలేదు. పేదవాళ్లలో, అప్పటికే రక్తపోటు ఎక్కువగా ఉన్నవాళ్లలో మాత్రం తేడా కనబడింది. వైద్యం ఉచితంగా అందినవాళ్ల రక్తపోటు, డబ్బు కట్టాల్సి వచ్చినవాళ్ల కన్నా మెరుగ్గా అదుపులో ఉంది.